గూన పెంకుల మీద 250 మాటలు

ప్రశ్న: సార్, నేను ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఉద్దానంలో మా అమ్మమ్మగారి ఊరితో కలిపి మూడు ఊళ్లలో 22 గూన పెంకుల ఇళ్లు తిరిగి చూశాను. కొలతలు తీశాను, కుమ్మరులతో మాట్లాడాను. ఒక సదస్సుకి తెలుగులో 250 మాటలు దాటకుండా అబ్‌స్ట్రాక్ట్ పంపాలి. లక్ష్యం, పద్ధతి, ఫలితాలు క్లుప్తంగా ఉండాలన్నారు. నాది 410 మాటలు వచ్చింది, అయినా అసలు సంగతి చెప్పినట్టు లేదు. ఏది తీసేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. చిత్తుప్రతి, నోట్‌బుక్ పేజీల ఫొటోలు పంపుతున్నాను. గడువు ఇంకా పది రోజులుంది.

జవాబు:

మీ చిత్తుప్రతి ఒకసారి, నోట్‌బుక్ రెండుసార్లు చదివాను. మీరు వెతుక్కుంటున్న అసలు సంగతి నోట్‌బుక్‌లో ఉంది. అది చిత్తుప్రతిలోకి రాలేదు, అంతే. కాబట్టి 410 మాటల్ని 250కి కుదించే పని మానేయండి. ఆ కాగితం పక్కన పెట్టి, నోట్‌బుక్ ముందు పెట్టుకుని కొత్తగా రాయడం తేలిక.

ముందు చిత్తుప్రతిలో ఏం జరిగిందో చెబుతాను. మొదటి 160 మాటలు చరిత్రకే పోయాయి. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు 1860ల్లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టడం, ఆ పెంకులు ఓడలెక్కి దూరదేశాలకి వెళ్లడం, అన్నీ రాశారు. అవన్నీ నిజమే. కానీ అది మీరు కనుక్కున్నది కాదు. పైగా అది వేరే పెంకు. మంగుళూరు పెంకు యంత్రం మీద అచ్చు వేసినది, బల్లపరుపుగా ఉంటుంది, ఒకదాని గాడిలో ఇంకోటి కూర్చుంటుంది. మన ఊళ్లలో దాన్నే బెంగుళూరు పెంకు అంటారు. మీరు చూసిన గూన పెంకు కుమ్మరి సారె మీద పుట్టింది. కుండ లేపినట్టే గొట్టం లేపి, పచ్చిగా ఉండగానే నిలువునా గీత పెట్టి, ఆరాక రెండుగా విడదీసి ఆవంలో కాలుస్తారు. ఒక కొస వెడల్పు, ఒక కొస సన్నం. ఈ రెండు పెంకుల తేడా తెలిసినవాళ్లు సదస్సు కమిటీలో తప్పకుండా ఒకరైనా ఉంటారు. గూన పెంకుల పత్రం మంగుళూరు ఫ్యాక్టరీతో మొదలైతే, రాసినవాళ్లకే తేడా తెలియదేమో అన్న అనుమానం వాళ్లకి మొదటి వాక్యంలోనే వస్తుంది.

చరిత్ర బదులు, గూన పెంకు కప్పు ఎలా పనిచేస్తుందో ఒక్క వాక్యం చాలు. ఒక వరస వెల్లకిలా పరుస్తారు, వాటి సందులు మూస్తూ ఇంకో వరస బోర్లా పరుస్తారు. మేకు లేదు, గాడి లేదు. కప్పు వాలు, పెంకు మీద పెంకు ఎక్కిన మేర, ఈ రెంటి మీదే వాన ఆగడం ఆధారపడి ఉంది. మీ నోట్‌బుక్‌లో మీరు కొలిచినవి సరిగ్గా ఈ రెండే. అందుకే ఈ వాక్యం పెడితే మీ కొలతలకి దారి పడుతుంది, చదివేవాళ్లకి అవి ఎందుకు కొలిచారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక నోట్‌బుక్. అందులో నాకు మూడు పత్రాలు కనిపించాయి. ఒకటి, పెంకుటిల్లు చల్లగా ఉంటుందా అన్నది. రెండోది, కుమ్మరులు పెంకులు చేయడం ఎందుకు మానేశారన్నది. మూడోది, కప్పులు ఎందుకు కారుతున్నాయన్నది. చిత్తుప్రతిలో మూడింటికీ చోటిచ్చారు. ఏది తీసేసినా ప్రాణం పోతున్నట్టు ఉండడానికి కారణం అదే. మూడింట్లో ఏది మీ దగ్గర నిలబడుతుందో చూద్దాం.

చల్లదనం సంగతి ముందు తీసేయండి. మీ దగ్గర ఉన్నది ఒక పెంకుటింట్లో, ఒక స్లాబు ఇంట్లో మే నెలలో ఒకే రోజు తీసిన రీడింగులు. పెంకుటింట్లో నాలుగు డిగ్రీలు తక్కువ వచ్చింది. కానీ మీరే మార్జిన్‌లో రాసుకున్నారు, పెంకుటింటి పక్కన పనస చెట్టు ఉందని, అటక ఉందని, స్లాబు ఇంటికి పడమటి గోడ మీద ఎండ పడుతోందని. మరి ఆ నాలుగు డిగ్రీల్లో పెంకు వాటా ఎంత, చెట్టు వాటా ఎంత? ఈ ప్రశ్నకి జవాబు మీ రీడింగుల్లో లేదు. నేను చాలా ఏళ్ల కిందట మండువా ఇళ్ల మీద పంపిన అబ్‌స్ట్రాక్ట్‌లో ఇలాగే "స్లాబు ఇళ్లకన్నా చల్లగా ఉన్నట్టు తేలింది" అని రాశాను. సదస్సులో వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, రెండు ఇళ్ల కప్పు ఎత్తు ఎంతెంత అని అడిగారు. నేను కొలవలేదు. ఆ తర్వాత నేను చెప్పిన మంచి మాటలు కూడా ఎవరికీ ఎక్కలేదు. కొలవని విషయం ఒక్కటి అబ్‌స్ట్రాక్ట్‌లో దూరితే, కొలిచినవాటి మీద నమ్మకం కూడా పోతుంది. ఆ రీడింగులు దాచుకోండి, వచ్చే వేసవికి పది ఇళ్లలో సరిగ్గా తీస్తే అదొక పత్రం అవుతుంది.

కుమ్మరుల మాటలు విలువైనవి. కానీ నలుగురితో మాట్లాడి ఒక వృత్తి ఎందుకు ఆగిపోయిందో చెప్పలేం. వాటిని విడి పత్రంగా చూడకండి, మూడో దానికి సాక్ష్యంగా వాడుకోండి.

మూడోది మీ పత్రం. 22 ఇళ్లు, ఒక్కో ఇంట్లో కప్పు వాలు, ఆరు చోట్ల ఓవర్‌లాప్, వానలో ఎక్కడెక్కడ కారుతోందో గీసుకున్న బొమ్మ, కారే ఇళ్లవి ఆరు, కారనివి ఆరు పెంకులు తెచ్చి నానబెట్టి చూసిన లెక్క. ఇది శ్రద్ధగా చేసిన పని. 14వ పేజీలో ఒక ముసలమ్మ అన్న మాట మీరు యథాతథంగా రాసుకున్నారు: "తిత్లీకి సగం ఎగిరిపోనాయి, కొత్తవి ఎక్కడున్నాయి? ఉన్నవే ఎడంగా పరిచినాం." మీ కొలతలన్నిటికీ అర్థం ఆ మాటలో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఊళ్లలో పెంకులు ఎగిరిపోయాయి. చేసేవాళ్లు లేరు. అదే కప్పుని తక్కువ పెంకులతో నేయాలంటే ఓవర్‌లాప్ తగ్గించడం ఒక్కటే దారి.

ఇది లెక్కలో చూడండి. మీరు కొలిచిన పెంకు పొడవు సుమారు 22 సెంటీమీటర్లు. ఒకదాని మీద ఒకటి 7 సెంటీమీటర్లు ఎక్కితే, ఒక్కో పెంకు కప్పే మేర 15. అదే 4 మాత్రమే ఎక్కితే, కప్పే మేర 18. అంటే ఇదివరకు ఆరు పెంకులు పట్టిన చోట ఇప్పుడు ఐదు సరిపోతాయి. ఆరింట ఒకటి మిగిలిందని ఇంటివాళ్లకి ఊరట, కానీ ఎదురుగాలికి వాన కొట్టినప్పుడు నీరు వెనక్కి ఎక్కి లోపల పడకుండా ఆపే మూడు సెంటీమీటర్లు పోయాయి. ఈ లెక్క అబ్‌స్ట్రాక్ట్‌లో పెట్టక్కర్లేదు, పత్రంలో పెట్టండి. కానీ ఇది మీ మనసులో ఉంటే అబ్‌స్ట్రాక్ట్ దానంతటదే ఒక దారిన నడుస్తుంది.

ఇప్పుడు లక్ష్యం. మీ చిత్తుప్రతిలో ఇలా ఉంది: "సంప్రదాయ గూన పెంకుల ప్రాముఖ్యతను, వాటి నిర్మాణ విశిష్టతను, ప్రస్తుత స్థితిగతులను సమగ్రంగా అధ్యయనం చేయడం ఈ పత్రం యొక్క ముఖ్య ఉద్దేశం." దీన్ని ఇలా పరీక్షించండి. ఈ వాక్యం తర్వాత "మరి ఏం తేలింది?" అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పగలరా? ప్రాముఖ్యత ఉంది అని తేలింది అంటారా? దానికి 22 ఇళ్లు తిరగక్కర్లేదు. లక్ష్యం అంటే జవాబు రెండు రకాలుగా వచ్చే వీలున్న ప్రశ్న. మీ ప్రశ్న ఇది: కప్పు కారడానికి పెంకు నాణ్యతతో సంబంధం ఎక్కువా, నేసిన తీరుతో సంబంధం ఎక్కువా? జవాబు ఎటైనా రావచ్చు. నాసిరకంగా కాలిన పెంకు నీళ్లు పీల్చి కారిస్తే ఒక జవాబు, పెంకు బాగున్నా ఎడంగా పరచడం వల్ల కారితే ఇంకో జవాబు. మీరు నానబెట్టిన పెంకులు మొదటిదానికి, కొలిచిన ఓవర్‌లాప్ రెండోదానికి. ప్రశ్నలో రెండు సగాలున్నాయి, మీ పద్ధతిలోనూ రెండు సగాలున్నాయి. అలా జత కుదిరితే లక్ష్యం సరిగ్గా ఉన్నట్టు.

ఒక జాగ్రత్త. "కారణం తేల్చడం" అని రాయకండి, "పరిశీలించడం" అనండి. 22 ఇళ్లతో కారణం తేలదు.

పద్ధతి దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే చిత్తుప్రతిలో దానికి దక్కింది ఒక్క వాక్యం: "క్షేత్ర పర్యటన, ముఖాముఖి, ప్రయోగశాల పరీక్షల ద్వారా సమాచారం సేకరించబడినది." ఎవరి పత్రంలోనైనా ఈ వాక్యం అలాగే అతుకుతుంది. అంటే మీ గురించి ఏమీ చెప్పలేదన్నమాట. ఎక్కడ, ఎన్ని ఇళ్లు, ఏ లెక్కన ఎంచుకున్నారు, ఎప్పుడు, దేన్ని కొలిచారు, దేన్ని దేనితో పోల్చారు, ఇవి రావాలి. ఎంచుకున్న తీరు ముఖ్యం. మీరు మూడు ఊళ్లలో మనుషులు కాపురం ఉంటున్న గూన పెంకుల ఇళ్లన్నీ చూశారా, లేక లోపలికి రానిచ్చిన ఇళ్లే చూశారా? నోట్‌బుక్ ప్రకారం తాళం వేసినవి వదిలేసి, ఉన్నవన్నీ చూశారు. "కాపురం ఉంటున్న" అన్న రెండు మాటలు పెడితే ఆ సంగతి వచ్చేస్తుంది. ఎవరూ లేని ఇల్లు ఏటా సర్దించేవాళ్లు లేక ఎలాగూ కారుతుంది, అది మీ లెక్కలోకి రాలేదని చదివేవాళ్లకి తెలియాలి.

ఓవర్‌లాప్ ఎలా కొలిచారో కూడా నాకు ఒక అనుమానం వచ్చింది. మొదటి నాలుగు ఇళ్లలో చూరు దగ్గర నిచ్చెన వేసుకుని కొలిచినట్టుంది. చూరు అంచున పెంకులు జారకుండా ఎవరైనా దగ్గరగానే పరుస్తారు, అక్కడ ఓవర్‌లాప్ ఎక్కువ కనిపిస్తుంది. తర్వాతి ఇళ్లలో మీరు తెలివైన పని చేశారు. లోపల నిలబడి, రెండు వాసాల మధ్య ఒక నిలువు వరసలో ఎన్ని పెంకులున్నాయో లెక్కపెట్టి, ఆ వాలు పొడవుని ఆ సంఖ్యతో భాగించారు. మూడు మీటర్ల వాలులో 20 పెంకులుంటే ఒక్కోటి 15 సెంటీమీటర్లు కప్పుతున్నట్టు, పెంకు పొడవు 22 కాబట్టి ఓవర్‌లాప్ 7. ఇదే నికరమైన పద్ధతి, పైకి ఎక్కి పెంకులు పగలగొట్టే భయం కూడా లేదు. మొదటి నాలుగు ఇళ్లకి కూడా ఇలాగే మళ్లీ లెక్కపెట్టండి. పది రోజులుంది కదా, ఒక ఆదివారం చాలు.

ఇక నానబెట్టిన లెక్క. ఇక్కడ ఒక తప్పు జరిగింది, అదృష్టవశాత్తు సరిదిద్దగలిగినదే. 7వ పేజీలో మొదటి పెంకు ఆరినప్పుడు 820 గ్రాములు, 24 గంటలు నానాక 968. పీల్చిన నీరు 148 గ్రాములు. మీరు 148ని 968తో భాగించి 15.3 శాతం అన్నారు. భాగించాల్సింది ఆరిన బరువుతో, అంటే 820తో. అప్పుడు 18 శాతం వస్తుంది. పన్నెండింటికీ ఇలాగే మార్చుకోండి. తప్పు అన్నిటికీ ఒకేలా జరిగింది కాబట్టి కారే ఇళ్ల పెంకులకి, కారని ఇళ్ల పెంకులకి పోలిక తారుమారు కాదు, నేను లెక్కవేసి చూశాను. కానీ శాతం అంకె అబ్‌స్ట్రాక్ట్‌లో పెట్టి ఉంటే, దాన్ని వేరే పత్రాలతో పోల్చినవాళ్లు మీ పెంకులు ఉన్నదానికన్నా మెరుగైనవనుకునేవాళ్లు.

ఇంకొకటి, మీరు పెంకుల్ని ఎండలో ఆరబెట్టారా, ఓవెన్‌లోనా? నోట్‌బుక్‌లో "ఎండలో రెండు రోజులు" అని ఉంది. ఉద్దానం గాలిలో సముద్రపు తేమ ఉంటుంది, ఎండలో ఆరిన పెంకులో కొంత తడి మిగిలిపోతుంది, ఆరిన బరువు ఎక్కువ చూపిస్తుంది. మీ కాలేజీ మెటీరియల్స్ ల్యాబ్‌లో ఓవెన్ ఉంటుంది. 105 నుంచి 110 డిగ్రీల్లో బరువు ఇక తగ్గదనే దాకా ఆరబెట్టి, చల్లారాక తూచి, మళ్లీ 24 గంటలు నానబెట్టి, తడిగుడ్డతో పైనీరు తుడిచి వెంటనే తూచండి. రెండు మూడు రోజుల పని. చేయలేకపోతే శాతం రాయకుండా "చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు" అన్నంత వరకే రాయండి, ఎండలో ఆరబెట్టిన సంగతి పత్రంలో చెప్పండి.

అలాగే చిత్తుప్రతిలో "ఐఎస్ 654 ప్రమాణాల ప్రకారం ఇవి నాణ్యమైనవి" అన్న వాక్యం కొట్టేయండి. ఆ ప్రమాణం మంగుళూరు రకం పెంకులకి పెట్టినది. సగం గొట్టంలా ఉండే నాటు పెంకులకి ఐఎస్ 13317 అని వేరే ఉంది. మీ ప్రశ్నకి ప్రమాణంతో పోలిక అసలు అక్కర్లేదు. కారే ఇంటి పెంకుకి, కారని ఇంటి పెంకుకి తేడా ఉందా లేదా అన్నదే మీకు కావాలి.

ఫలితాల దగ్గరకి వస్తే, చిత్తుప్రతిలో "ఫలితాలు పత్రంలో విపులంగా చర్చించబడతాయి" అని ముగించారు. చాలామంది ఇలాగే రాస్తారు, ముందే చెప్పేస్తే పత్రం ఎవరు వింటారని అనుకుంటారు. కమిటీవాళ్లు చూసేది అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే. ఫలితం అందులో లేకపోతే మీ దగ్గర ఫలితం లేదనే అనుకుంటారు. మీ దగ్గర ఉంది. 22 ఇళ్లలో 13 కారుతున్నాయి. ఆ 13లో 10 ఇళ్లలో సగటు ఓవర్‌లాప్ 5 సెంటీమీటర్ల లోపు. కారని 9 ఇళ్లలో అంత తక్కువ ఉన్నవి రెండే. ఈ రెండు అంకెల జతే మీ పత్రం. దీన్ని "77 శాతం ఇళ్లలో" అని రాయాలనిపిస్తుంది. రాయకండి. 13లో 10 అంటే చదివేవాళ్లకి ఎంత చిన్న లెక్కో కూడా తెలుస్తుంది, 77 శాతం అంటే వందల ఇళ్లు చూసినట్టు వినిపిస్తుంది.

"వల్ల" అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండండి. "ఓవర్‌లాప్ తగ్గడం వల్ల కప్పులు కారుతున్నాయి" అని రాయాలనిపిస్తుంది. కానీ ఇంకో దారి కూడా ఉంది. చాలా ఏళ్లుగా సర్దించని కప్పులో పెంకులు కిందికి జారి, కొన్నిచోట్ల ఓవర్‌లాప్ తగ్గి, కొన్నిచోట్ల గుట్టపడి ఉండొచ్చు. పిల్లులు, కోతులు తిరిగినా అంతే. అంటే కారడానికి, ఓవర్‌లాప్ తగ్గడానికి రెంటికీ కారణం ఏటా నేయించకపోవడమే కావచ్చు. మీరు ఏ ఇంట్లో చివరిసారి ఎప్పుడు నేయించారో 22లో తొమ్మిదింటికే అడిగారు. కాబట్టి "ఓవర్‌లాప్ తక్కువ ఉన్న ఇళ్లే ఎక్కువగా కారుతున్నాయి" అనే రాయాలి. ఆ మిగిలిన సంగతి చివర ఒక వాక్యంలో ఒప్పుకోవాలి. అలా ఒప్పుకుంటే పత్రం బలహీనపడుతుందని భయపడకండి. చూసేవాళ్లు ఆ ప్రశ్న ఎలాగూ వేస్తారు.

భాష సంగతి కొంచెం చెప్పి నమూనా ఇస్తాను. "చేయబడినది", "సేకరించబడినది", "పరిశీలించబడినది" అన్నవి తీసేసి "చేశాను", "కొలిచాను" అనండి. పని చేసింది మీరే కదా. "యొక్క" ఎనిమిది చోట్ల ఉంది, ఒక్కటి కూడా అక్కర్లేదు. ఇలా చేస్తే ఏ సంగతీ పోకుండా పాతిక మాటలు తగ్గుతాయి.

మీ నోట్‌బుక్‌లో ఉన్నవాటితోనే నేను రాస్తే ఇలా ఉంటుంది:

గూన పెంకుల కప్పు ఎందుకు కారుతోంది: ఉద్దానంలో 22 ఇళ్ల పరిశీలన

గూన పెంకుల కప్పులో పెంకుల్ని బిగించే మేకులు, గాడులు ఉండవు. కప్పు వాలు, పెంకు మీద పెంకు ఎక్కే ఓవర్‌లాప్ వాన నీటిని ఆపుతాయి. ఇలాంటి కప్పులు కారడానికి పెంకు నాణ్యతతో సంబంధం ఎక్కువా, నేసిన తీరుతో సంబంధం ఎక్కువా అన్నది పరిశీలించడం ఈ పత్రం లక్ష్యం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని మూడు గ్రామాల్లో కాపురం ఉంటున్న 22 గూన పెంకుల ఇళ్లు చూసి, ఒక్కో కప్పు వాలు, ఆరు చోట్ల ఓవర్‌లాప్ కొలిచాను. కారే ఇళ్ల నుంచి ఆరు, కారని ఇళ్ల నుంచి ఆరు పెంకులు తెచ్చి, 24 గంటలు నానబెట్టి, అవి పీల్చే నీటిని లెక్కగట్టాను. ఇంటివారితోనూ, నలుగురు కుమ్మరులతోనూ మాట్లాడాను. 22 ఇళ్లలో 13 కారుతున్నాయి. వాటిలో 10 ఇళ్లలో సగటు ఓవర్‌లాప్ 5 సెంటీమీటర్ల లోపే ఉంది. కారని 9 ఇళ్లలో అంత తక్కువ ఉన్నవి రెండే. వాలులో గానీ, పెంకులు పీల్చే నీటిలో గానీ ఈ రెండు రకాల ఇళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2018 తిత్లీ తుఫానులో పోయిన పెంకులకు బదులు దొరకక ఉన్నవాటినే ఎడంగా పరిచామని 8 ఇళ్లవారు చెప్పారు. మాట్లాడిన నలుగురు కుమ్మరుల్లో ముగ్గురు పెంకులు చేయడం మానేశారు. ఈ ఇళ్ల మేరకు, కప్పు కారడం పెంకు లోపంతో కన్నా పెంకుల కొరతతో ముడిపడినట్టు కనిపిస్తోంది. చివరిసారి నేయించి ఎన్నేళ్లయిందన్న తేడాను ఇందులో విడదీయలేదు.

ఇది 250కి చాలా లోపే ఉంది. మిగిలిన చోటు చూసి చరిత్ర మళ్లీ తెచ్చి పెట్టకండి. తెలుగులో మాటలు కలిసిపోతాయి కాబట్టి లెక్క తక్కువ వస్తుంది. ఇదే ఇంగ్లీషులో కూడా ఇమ్మంటే మాటల సంఖ్య బాగా పెరుగుతుంది, అప్పుడు ఆ చోటు అక్కరకొస్తుంది. చోటు వాడాలనే ఉంటే ఒక్కటి చేర్చండి: ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ చేసిన తర్వాత, రెండు రకాల పెంకులూ పీల్చిన నీరు ఎంత శాతం నుంచి ఎంత శాతం దాకా ఉందో. "తేడా కనిపించలేదు" అన్న మాటకి అంకె తోడుంటే నమ్మకంగా ఉంటుంది.

నమూనాలో వరస చూశారా? లక్ష్యం రెండు సగాలు అడిగింది, పద్ధతి రెంటినీ కొలిచింది, ఫలితాల్లో రెంటికీ జవాబు వచ్చింది. "తేడా కనిపించలేదు" అన్న వాక్యాన్ని చాలామంది ఫలితం కాదనుకుని వదిలేస్తారు. మీ పత్రంలో అది సగం ఫలితం. అది లేకపోతే, పెంకులే నాసిరకం అయ్యుండొచ్చు కదా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

ముసలమ్మ మాటని అబ్‌స్ట్రాక్ట్‌లో పెట్టలేదని బాధపడకండి. అది పత్రం చదివేటప్పుడు మొదటి స్లయిడ్ మీద ఉండాలి, పేరు లేకుండా, ఆమెని అడిగి. కుమ్మరుల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా అబ్‌స్ట్రాక్ట్‌లో వద్దు.

పంపేముందు ఒక్కటి చూసుకోండి. నోట్‌బుక్‌లో 17వ ఇంటికి ఎదురుగా "కారుతోంది" అని ఉంది, కానీ ఆ ఇంటి బొమ్మలో ఎక్కడా మచ్చ గీయలేదు, కింద పెన్సిల్‌తో "గోడ చెమ్మా?" అని రాసుకున్నారు. గోడ కింద నుంచి పైకి ఎక్కిన చెమ్మ, కప్పు నుంచి దిగిన నీరు తొందరగా చూస్తే ఒకేలా కనిపిస్తాయి. కానీ చెమ్మ మరక నేల దగ్గర మొదలై పైకి పోతుంది, కప్పు నీటి మరక పైనుంచి చారలుగా దిగుతుంది. ఆ ఇంటికి మళ్లీ వెళ్లి గోడ చూడండి. ఆ ఇంటి ఓవర్‌లాప్ కూడా 5 లోపే కాబట్టి, అది చెమ్మే అయితే కారే ఇళ్లు 12, వాటిలో ఓవర్‌లాప్ తక్కువున్నవి 9. కారనివి 10, వాటిలో తక్కువున్నవి మూడు. ఆ నాలుగు అంకెలూ మార్చి పంపండి.